కార్డు లేకుండా తాతయ్య వస్తే పాపను పంపాలా, వద్దా?

కొర్లగుంట టీచర్: తిరుపతిలో మాది చిన్న బడి, నర్సరీ నుంచి రెండో తరగతి దాకా. ఒంటిపూట బడులు మొదలైతే 3:30కి బదులు 12:30కే పిల్లల్ని వదలాలి. ఆ నోటీసులోనే "బడి ఇచ్చిన కార్డు చూపించకపోతే తాతయ్యతోనైనా పంపం" అని రాయమంటున్నారు మా కరస్పాండెంట్. ఆ నియమం సరైనదేనా? నొప్పించకుండా ఎలా రాయాలి?

కొండమీద డ్యూటీ: నాకు తిరుమలలో ఉద్యోగం. పొద్దున షిఫ్ట్ పడితే ఆ వేళకు కొండ దిగి రాలేను, మా అత్తమ్మే వస్తుంది. మోకాళ్ల నొప్పులతో ఎండలో నడిచొచ్చిన మనిషిని కార్డు మర్చిపోయిందని వెనక్కి పంపుతారా? మూడేళ్లుగా మీ ఆయమ్మ రోజూ పలకరించే మనిషి కదా.

చిత్తూరు కోర్టు గుమస్తా: చట్టం ప్రకారం అమ్మానాన్నలకే హక్కు. అవ్వాతాతలకు లేదు, కాబట్టి కార్డు ఉన్నా పంపకూడదు. 1956 హిందూ మైనర్ల సంరక్షణ చట్టంలో తండ్రే సహజ సంరక్షకుడు, ఆయన్ని మాత్రం ఎవరూ ఆపలేరు.

రేణిగుంట నాన్న: ఒంటిపూట నెలల్లో ఆటో వాళ్లకు సగం డబ్బులిస్తే చాలదా? మా ఆటో అన్న పూర్తిగా అడుగుతున్నాడు.

రిటైర్డ్ హెచ్.ఎం.: రేణిగుంట నాన్నగారూ, అది వేరే సంగతి, విడిగా అడగండి.

గుమస్తాగారూ, మీరు చెప్పినదాంట్లో సగమే నిజం. అమ్మానాన్నలు రాసిచ్చాక అవ్వ తీసుకెళ్లకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఆ 1956 చట్టంలోనే, అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనీ ఉంది. తండ్రి బతికుండగానే తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యాభర్తలు విడిగా ఉంటే ఒకరి మాట మీద రెండోవారిని ఆపకండి, కోర్టు ఆర్డర్ కాపీ అడిగి దాని ప్రకారం నడవండి.

టీచరమ్మా, కార్డును అంతగా నమ్మకండి. ఫొటో లేని కార్డు ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. నేను పనిచేసినప్పుడు ఒంటిపూట మొదటి రోజే ఇలా జరిగింది. ఒకాయన వచ్చి, "పాప మేనమామను, మా అక్కకు ఒంట్లో బాగాలేదు" అని ఫోన్ ఆయమ్మ చేతికిచ్చాడు. అవతల ఆడగొంతు, "పంపండమ్మా" అంది. పాప కూడా "మామా" అని పరుగెత్తింది. ఆయమ్మ బ్యాగు తగిలించేసింది. నేను ఆపి, అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబరుకు చేశాను. వాళ్లమ్మ ఇంట్లోనే, ఆరోగ్యంగా ఉంది. ఆయన నిజంగా తమ్ముడే, కానీ ఆస్తి గొడవతో ఏడాదిగా మాటల్లేవట. పాప గుర్తుపట్టిందని పంపేసి ఉంటే?

అందుకే గేటు దగ్గర ఉండాల్సింది క్లాసుకొక ఫొటోల పుస్తకం. పిల్లకు నలుగురి పేర్లు, ఫొటోలు, అమ్మానాన్నల సంతకం. కార్డు మర్చిపోయినా ముఖం పుస్తకంలో ఉంటే పంపండి. లేకపోతే మన దగ్గరున్న నంబరుకు మనమే ఫోన్ చేయాలి. వాళ్లు చేసి ఇచ్చే ఫోన్, వాట్సాప్ మెసేజ్ లెక్కలోకి రావు.

నోటీసు ఇలా రాయండి:

"తల్లిదండ్రులకు మనవి. ఒంటిపూట రోజుల్లో పిల్లలను 12:30కు వదులుతాము. 1 గంట వరకు నీడలో మా టీచర్ల దగ్గరే ఉంటారు. మీ తరఫున వచ్చే వారి పేర్లు, ఫొటోలు కింది స్లిప్పులో ఇవ్వండి. వేరే ఎవరైనా వస్తే ముందు మీకు ఫోన్ చేసి, మీరు సరేనన్నాకే పంపుతాము. ఆ కాసేపు ఆలస్యానికి మన్నించగలరు."

నోటీసు ఫోన్‌కు పంపితే అమ్మ చదువుతుంది, గేటు దగ్గరకు వచ్చే అవ్వకు తెలియదు. డైరీలో అంటించి, వారం ముందే స్లిప్పులు తెప్పించుకోండి. రాని వాళ్లకు ఫోన్ చేయండి.

కొండమీద డ్యూటీ: ఇదైతే నాకు సమ్మతమే. కానీ డ్యూటీలో ఫోన్ లాకర్‌లో పెట్టిస్తారు. మీరు చేస్తే ఎత్తేదెవరు?

రిటైర్డ్ హెచ్.ఎం.: మంచి మాట చెప్పారమ్మా. స్లిప్పులో రెండో నంబరు అడగాలి, అది మీ ఆయనదో, మీ అమ్మదో. రెండూ ఎత్తకపోతే పాప బడిలోనే ఉంటుంది. ఆకలేస్తుంది కాబట్టి ఆఫీసులో బిస్కెట్లు ఉంచండి.

కొర్లగుంట టీచర్: ఫొటోల పుస్తకం సంగతి ఈ రోజే మా కరస్పాండెంట్‌కు చెబుతాను. ఒక్కటి తేలడం లేదు. తొమ్మిదో తరగతి అన్న సైకిల్ మీద వచ్చి ఎల్‌కేజీ చెల్లెల్ని ఎక్కించుకుపోతాడు. వాళ్లమ్మ రాసిచ్చింది కూడా.

చిత్తూరు కోర్టు గుమస్తా: మైనరుకు మైనరును అప్పగించకండి. రేపు ఏదైనా అయితే బడినే అడుగుతారు.

రిటైర్డ్ హెచ్.ఎం.: నేనైతే పంపేదాన్ని, కానీ సైకిల్ మీద కాదు, నడిచి వెళ్లేంత దూరమైతేనే.

కొండమీద డ్యూటీ: మేమంతా అన్నల వెంట వెళ్లినవాళ్లమే. పంపకపోతే ఆ అమ్మ ఉద్యోగం మానుకోవాలా?