ఆర్గాన్ ఎంట్రోపీ 601.8 కాకుండా 154.8 ఎందుకు? ఆ N! ఎక్కడి నుంచి వచ్చింది?

వెన్నెల:
ఆర్గాన్ మోలార్ ఎంట్రోపీని 298.15 కెల్విన్, 1 బార్ దగ్గర లెక్క కడుతున్నాను. 24.79 లీటర్లకి q = V/Λ³ సుమారు 6.06×10³⁰ వచ్చింది. S = R(ln q + 3/2)లో పెడితే 601.8 వస్తోంది, పట్టికలో మాత్రం 154.8 ఉంది. N!తో భాగిస్తే కుదురుతుందని తెలుసు. జవాబు కుదరాలని భాగిస్తున్నామా, లేక దానికి నిజంగా కారణం ఉందా?

కోడ్‌పిచ్చి:
ముందు యూనిట్లు చూసుకోండి. నాకూ ఒకసారి 241.0 వచ్చింది, రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ద్రవ్యరాశిని గ్రాముల్లోనే ఉంచేశాను. వెయ్యి రెట్లు తేడా వస్తే (3/2)R ln 1000, అంటే 86.2 ఎక్కువ చూపిస్తుంది. ఇది నడిపి చూడండి:

```python
from math import log, pi, sqrt
k, h, NA = 1.380649e-23, 6.62607015e-34, 6.02214076e23
m = 39.948e-3/NA
T, P = 298.15, 1e5
L = h/sqrt(2*pi*m*k*T)
print(L, k*NA*(log(k*T/P/L**3) + 2.5))
```

Λ 1.6×10⁻¹¹ మీటర్లు, ఎంట్రోపీ 154.8 రావాలి.

వెన్నెల:
యూనిట్లు సరిగానే ఉన్నాయండి, నాకూ Λ అంతే వచ్చింది. మీ కోడ్‌లో kT/P అంటే ఒక్కో పరమాణువుకి దక్కే చోటు. అంటే N!తో భాగించడం అందులో ముందే జరిగిపోయింది. నేను అడుగుతున్నది దాని గురించే.

క్వాంటమ్_రవి:
ఇందులో చర్చించడానికి ఏముంది? ఆర్గాన్ పరమాణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయలేం, అది క్వాంటమ్ నియమం. కాబట్టి N!తో భాగించాలి. అయినా N మారనంత వరకు అది ఒక స్థిరాంకమే. ΔS తీసుకుంటే కొట్టుకుపోతుంది. మీ 601.8తో వేడి చేయడం, వ్యాకోచం లెక్కలన్నీ సరిగ్గానే వస్తాయి.

పాత_లెక్చరర్:
రవి గారూ, వేడి చేయడం, వ్యాకోచం వరకు మీరన్నది నిజమే. N మారే చోటే చిక్కు వస్తుంది.

వెన్నెల గారు తన లెక్కనే తీసుకుని చూడొచ్చు. ఒక్కొక్కటి 24.79 లీటర్లున్న రెండు పెట్టెలు పక్కపక్కన ఉన్నాయి, రెండింటిలోనూ ఒక్కో మోల్ ఆర్గాన్, ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం. మధ్య గోడ తీసేయండి. ఏమీ జరగదు, థర్మామీటర్ కదలదు, మళ్లీ గోడ పెట్టేస్తే మొదటి స్థితే. కానీ N! లేని సూత్రంలో V రెట్టింపైంది కాబట్టి q రెట్టింపవుతుంది, రెండు మోల్‌లకి కలిపి 2R ln 2, అంటే 11.5 పెరిగినట్టు చూపిస్తుంది. ఏమీ జరగకుండా ఎంట్రోపీ పెరిగిందంటే ఆ సూత్రం వాయువు పరిమాణాన్నే సరిగ్గా పట్టుకోవడం లేదన్న మాట. N!తో భాగించి స్టర్లింగ్ ఉజ్జాయింపు పెడితే V స్థానంలో V/N వస్తుంది, 3/2 కాస్తా 5/2 అవుతుంది, ఆ 11.5 మాయమవుతుంది.

ఇంకో చోట ఇది మరీ స్పష్టంగా బయటపడుతుంది. ఆర్గాన్ 87.3 కెల్విన్ దగ్గర మరుగుతుంది, మరగడానికి మోల్‌కి సుమారు 6.5 కిలోజౌళ్లు కావాలి. భాగిస్తే మరుగు ఎంట్రోపీ సుమారు 74. N! వదిలేస్తే వాయువు ఎంట్రోపీ మోల్‌కి 447 పెరుగుతుంది. ద్రవం ఎంట్రోపీని మామూలు విలువగానే ఉంచి 6500ని 521తో భాగించండి, ఆర్గాన్ 12 కెల్విన్ దగ్గరే మరిగిపోవాలి.

నిదానం:
మొదటి వాదన ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. వాయువులో పరమాణువులకి పేర్లు పెట్టి లెక్కిస్తే ద్రవంలోనూ పెట్టాలి కదా. అక్కడా N! చేరుతుంది, తేడా తీస్తే పోతుంది. మీరు ఒక వైపు పేర్లు పెట్టి, రెండో వైపు తీసేసి పోలుస్తున్నారు.

పాత_లెక్చరర్:
మీరు సరైన చోట పట్టుకున్నారు. ఆ 12 కెల్విన్ లెక్క ఒకవైపు మాత్రమే తప్పు చేస్తే వచ్చేదే, ఆ వాదన నేను అలా చెప్పి ఉండాల్సింది కాదు.

అయితే అసలు జవాబు కూడా అక్కడే ఉంది. పట్టికతో సరిపోల్చే సంఖ్య ఎలా వస్తుందో చూడండి. సున్నా కెల్విన్ దగ్గర ఘన ఆర్గాన్‌కి ఎంట్రోపీ సున్నా అని మొదలుపెట్టి, కెలోరీమీటర్‌తో వేడిని కొలుస్తూ పైకి వస్తాం. కరిగేదాకా సుమారు 38, కరగడానికి 14, ద్రవంగా ఉన్న కొద్ది డిగ్రీలకి 2 లోపు, మరగడానికి 74. ఆ సున్నాలో ఏ పరమాణువు ఏ స్థానంలో కూర్చుందో ఎవరూ లెక్కపెట్టలేదు. పేర్లు పెడితే స్ఫటికానికే N! అమరికలు ఉండేవి. సున్నా దగ్గర పేర్లు వదిలేశాం కాబట్టి వాయువులోనూ వదిలేయాలి.

ఇందుకు నియాన్ చక్కని ఉదాహరణ. అందులో 20, 22 ఐసోటోపులు కలిసి ఉంటాయి, రెండోది తొమ్మిది శాతానికి పైనే. వాటిని వేరుగా లెక్కిస్తే మిశ్రమ ఎంట్రోపీ మోల్‌కి 2.7 దాకా కలపాలి. మరుగు బిందువు దగ్గర కెలోరీమీటర్ ఇచ్చింది 96.40, సూత్రం ఇచ్చింది 96.45. ఆ 2.7 కలపకపోతేనే రెండూ కలుస్తాయి, ఎందుకంటే ఘనంలోనూ ఐసోటోపులు విడిపోకుండా కలగలిసే ఉంటాయి, కెలోరీమీటర్‌కి ఆ భాగం కనపడదు. ఆర్గాన్‌లో 99.6 శాతం ఒకే ఐసోటోపు కాబట్టి ఈ భాగం 0.23 మాత్రమే.

క్వాంటమ్_రవి:
అంటే ఆ ‘పరమ’ ఎంట్రోపీ కూడా మనం పెట్టుకున్న ఒప్పందమేనా? మరి Λలో h ఉంది కదా. అది లేకపోతే ఈ సంఖ్యే రాదు.

పాత_లెక్చరర్:
h విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అది ఒప్పందం కాదు. 1912లో టెట్రోడ్, సాకూర్ ఇద్దరూ పాదరస ఆవిరి కొలతల్ని ఈ సూత్రంలో పెట్టి, h విలువ ప్లాంక్ చెప్పినదానికి దగ్గరగా వస్తుందని చూపించారు. ఒక్కో స్థితి ఫేజ్ స్పేస్‌లో h³ అంత చోటు తీసుకుంటుందన్నది కొలిచి తేల్చుకునే విషయం. నా మాట N! గురించే. దానికి క్వాంటమే అక్కర్లేదనేది నా అభిప్రాయం.

క్వాంటమ్_రవి:
నేను దానికి ఒప్పుకోను. ఐసోటోపులు వేరు కాబట్టే వాటికి మిశ్రమ ఎంట్రోపీ ఉంది, అది లెక్కలోకి రాకపోవడం కెలోరీమీటర్ పరిమితి. ఒకే ఐసోటోపుకి అసలు అలాంటిదే ఉండదు. అది ప్రకృతిలో ఉన్న తేడా, మనం పేర్లు పెట్టడం మానేసినందుకు వచ్చింది కాదు.

నిదానం:
ఐసోటోపుల సంగతి సరే. కానీ ఒకదానికొకటి తేడా ఉండే కొల్లాయిడ్ రేణువులకీ దశల సమతౌల్యం లెక్కల్లో N! పెట్టాల్సి వస్తోంది కదా. వాటికి ఏ క్వాంటమ్ నియమం చెబుతారు?

వెన్నెల:
87.3 కెల్విన్, 1 అట్మాస్ఫియర్ దగ్గర సూత్రంతో కట్టి చూశాను. 129.2 వచ్చింది. మీరిచ్చిన నాలుగు సంఖ్యలు కూడితే 128 అవుతోంది, అవి రౌండ్ చేసిన అంకెలు, పైగా మరుగు బిందువు దగ్గర ఆర్గాన్ పూర్తి ఆదర్శ వాయువు కాదు కాబట్టి కాస్త సవరణ కూడా ఉంటుందనుకుంటున్నాను. Λ అక్కడ 3×10⁻¹¹ మీటర్ల లోపే ఉంది, V/NΛ³ నాలుగున్నర లక్షలకి పైన. అంటే సూత్రం అక్కడ కూడా బాగానే నిలబడుతోంది, దానికన్నా ముందే ఆర్గాన్ ద్రవమైపోతుంది. భాగించడానికి కారణం నాకు అర్థమైంది. కొల్లాయిడ్ ప్రశ్నకి రవి గారి జవాబు కోసం చూస్తుంటాను.