సమస్య: చెంతనున్నవారె చేరరైరి

సత్యనారాయణపురం మాస్టారు:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీవి. అంశం కూడా ఇస్తున్నాను: నలుగురం కలిసి కూర్చున్నప్పుడు ఫోను చూడడం. చెంతనే ఉన్నవాడు చేరకపోవడం ఎలా కుదురుతుందన్నది ఇందులో చిక్కు. దాన్ని విప్పాలి.

ఈ పాదం ఎలా వచ్చిందో చెప్తాను. సంక్రాంతికి విజయవాడలో మా ఇంటికి పిల్లలందరూ వచ్చారు. కనుమ రోజు మధ్యాహ్నం ఏడుగురం భోజనానికి కూర్చున్నాం. మా ఆవిడ గోంగూర పప్పు వడ్డించి, నెయ్యి తేవడానికి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఐదుగురు తలలు వంచి ఉన్నారు. మనవడి బొటనవేలు అద్దం మీద కింది నుంచి పైకి, కింది నుంచి పైకి కదులుతోంది. ఎడమచేత్తో ఫోను, కుడిచేతిలో కలిపిన ముద్ద. ఆ ముద్ద నోటిదాకా వెళ్లలేదు, అంచున మెతుకులు ఎండిపోతున్నాయి. ఆవిడ నెయ్యి గిన్నె పట్టుకుని కాసేపు నిలబడింది. ఎవరికి ముందు వెయ్యాలో అడగలేదు. నా పూరణ ఇది:

అన్నమారె నింట నందరు కూర్చుండి
చేతి వెలుగులందె చిత్తముంచ,
పలుకు లేని వేళ పళ్లెమే సాక్షిగా
చెంతనున్నవారె చేరరైరి.

కొత్తపేట, గుంటూరు:

నమస్కారం మాస్టారూ. ఫోను గురించి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. రోజూ ఉదయం ఏడింటికి వీడియో కాల్ చేస్తాడు. నేను కాఫీ తాగుతూ, వాడు అన్నం తింటూ మాట్లాడుకుంటాం.

అమెరికాన నున్న యబ్బాయి ఫోనులో
నిత్యమగుపడంగ నేత్రమలరె;
దూరమున్నవాడె తోడుగా నిలువంగ
చెంతనున్నవారె చేరరైరి.

సత్యనారాయణపురం మాస్టారు:

బాబాయి గారూ, గణాలు సరిగ్గా పడ్డాయి. మూడో పాదంలో 'దూ'కి 'తో' యతి చక్కగా కుదిరింది. మీరు అంశాన్ని తిరగేశారు. పక్కవాళ్లు ఫోను చూస్తుంటే కలిగే ఒంటరితనం గురించి నేను అడిగాను, మీరు ఫోను పుణ్యం చెప్పారు. అయినా సమస్యలోని చిక్కు మీ పద్యంలో ఇంకా బాగా విడిపోయింది. దూరం, చెంత రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇది కొట్టివేయదగ్గ పూరణ కాదు.

కొత్తపేట, గుంటూరు:

అంశం తప్పుగా చదివాను, మన్నించండి. కానీ నాలుగో పాదం అబద్ధం కాదండీ. కింది వాటాలో మా అన్నయ్య కొడుకు ఉంటాడు. మెట్లెక్కి వచ్చి ఆరు నెలలైంది.

పటమట:

నేను కొత్తదాన్ని, తప్పులుంటే దిద్దండి. ఇది కల్పించింది కాదు. మొన్న థైరాయిడ్ రిపోర్టు వచ్చింది. ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పాలని కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. 'ఊఁ' అన్నారు. ఇంకో మాట చెప్పాను. మళ్లీ 'ఊఁ'. నా మాట వింటే వచ్చే ఊఁ వేరు, ఇది వేరు. మధ్యలో కావాలని ఆపి చూశాను. ఆపినా ఇంకో 'ఊఁ' వచ్చింది. అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. రిపోర్టు సంగతి చెప్పనేలేదు.

చెప్పబోతి నేను చెవికి ఎక్కలేదు
ఊఁ యనేటి ముక్క యొకటె మిగిలె
కప్పులోని కాఫి కడకు చల్లారంగ
చెంతనున్నవారె చేరరైరి.

అరండల్‌పేట:

అక్కా, పద్యం బాగుంది కానీ ఎక్కడో తడబడుతోంది. 'ఊఁ' పక్కన 'యొకటె'కి యతి లేదనుకుంటాను. ఇక ఆయన సంగతి అంటారా, అదంతా డోపమైన్. ఫోను మత్తుమందు లాంటిది, మీ మీద ప్రేమ లేక కాదు. మా నాన్నగారు రోజూ పొద్దున గంటసేపు పేపరు వెనక దాక్కునేవారు. మా అమ్మ ఎప్పుడూ బాధపడలేదు. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు అన్నది నాకు అర్థం కాదు.

సత్యనారాయణపురం మాస్టారు:

తడబాటు ఉన్నమాట నిజమే, ఉన్నది రెండో పాదంలో కాదు. ఊ, ఒ మిత్రాచ్చులు. 'యొ'లో యకారం సంధి కోసం వచ్చింది, లోపల ఉన్నది ఒకారమే. యతి సరిపోయింది. దోషం మొదటి పాదంలో ఉంది. పటమట అమ్మా, చెప్ప, బోతి, నేను, చెవికి, ఎక్క, లేదు అని విడదీసి చూడు. ఆరు సూర్యగణాలు వేశావు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. మూడో పాదంలో 'కడకు చల్లారంగ' అని నువ్వే సరిగ్గా వేశావు. మొదటి పాదాన్ని ఇలా మార్చుకో:

చెప్పబోతి మాట, చెవికెక్కలేదాయె

'బోతి' అన్నప్పుడే నేనని తెలిసిపోతుంది కాబట్టి 'నేను' తీసేసి 'మాట' పెట్టాను.

పటమట:

మాస్టారూ, సవరణకు ధన్యవాదాలు. ఒక్క మనవి. 'నేను' ఉండనివ్వండి. అక్కడ నేను లేనట్టే అయిపోయిందన్నదే కదా నా బాధ. పద్యంలోనూ తీసేస్తే ఎలా?

సత్యనారాయణపురం మాస్టారు:

నువ్వన్నదే సరి. 'మాట', 'నేను' రెండూ గలమే, గణానికి ఏ ఇబ్బందీ లేదు. 'చెప్పబోతి నేను, చెవికెక్కలేదాయె'. ఇదే ఉంచుదాం. పునరుక్తి అని తీశాను, నువ్వు చెప్పాక అది పునరుక్తిలా లేదు.

బ్రాడీపేట, గుంటూరు:

నేను కాలేజీలో సైకాలజీ పాఠం చెప్పి రిటైరయ్యాను. ఛందస్సు ఈ మధ్యే నేర్చుకుంటున్నాను. ముందు అరండల్‌పేట తమ్ముడి పేపరు సంగతి. మంచి ప్రశ్న అది. పేపరు చదివే నాన్న ఏం చదువుతున్నారో ఇటువైపు కూర్చున్న అమ్మకు కనబడుతుంది. పేపరుకు చివరి పేజీ ఉంటుంది. ఇంకో రెండు పేజీలైతే మడిచి పక్కన పెడతారని ఆవిడకు తెలుసు, అప్పుడు మాట మొదలుపెడుతుంది. ఫోనులో ఏముందో ఎదుటివాళ్లకు తెలియదు. ఆఫీసు పనో, స్నేహితుడి కబురో, ఊరికే వీడియోలో, బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. పైగా దానికి చివరి పేజీ లేదు. పూర్వం వెబ్ పేజీ అడుగుకు వస్తే తర్వాతి పేజీకి నొక్కాలి, ఆ నొక్కేచోట మనిషి ఆగేవాడు. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ అడుగు లేకుండా చేసే పద్ధతి రూపొందించాడు. తర్వాత తనే దాని గురించి బహిరంగంగా విచారపడ్డాడు. ఎంతసేపు ఎదురుచూడాలో తెలియకపోవడమే పక్కన కూర్చున్నవాళ్లను ఎక్కువ బాధపెడుతుందని నా అభిప్రాయం.

డోపమైన్ మాట సగం నిజం. తర్వాతి వీడియో బాగుంటుందో ఉండదో తెలియకపోవడమే వేలిని లాగుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ మత్తుమందుతో ఒకటే అనేస్తే ఆయన చేతిలో ఏమీ లేదన్నట్టవుతుంది. మేనేజరు ఫోను చేస్తే తల ఎత్తగలుగుతున్నారుగా.

నా పూరణకు వెనక ఒక ప్రయోగం ఉంది. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కొన్ని నెలల పసిపిల్లల మీద చేశాడు. తల్లి ముందు బిడ్డతో ఆడుతుంది. తర్వాత రెండు, మూడు నిమిషాలు ఏ భావమూ లేకుండా ముఖం బిగించి చూస్తూ ఉంటుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, శబ్దాలు చేస్తుంది, చేతులు చాపుతుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. దెబ్బ లేదు, తిట్టు లేదు, తల్లి అక్కడే ఉంది.

పాప నవ్వె, చేయి పట్టె, మారాముతో
అమ్మ మోము చూచె నాశతోడ;
కన్నులెత్తదాయె గాజు పలకనుండి
చెంతనున్నవారె చేరరైరి.

సత్యనారాయణపురం మాస్టారు:

చెల్లెమ్మా, గణాలు, యతులు నిర్దోషం. అన్వయం ఒక్కటే తేలలేదు. మూడో పాదంలో 'ఎత్తదాయె' అని అమ్మ ఒక్కతే ఉంది, నాలుగో పాదంలో 'వారె' అని బహువచనం. ఇలా చేస్తే:

పాప నవ్వె, చేయి పట్టె, మారాముతో
అమ్మనాన్న వంక నాశఁ జూచె;
కన్నులెత్తలేక గాజు పలకనుండి
చెంతనున్నవారె చేరరైరి.

బ్రాడీపేట, గుంటూరు:

చాలా సంతోషం అన్నయ్యా. వ్యాకరణం కోసం నాన్నను తెచ్చారు, నిజానికి నేనే తేవాల్సింది. నేరం అమ్మ ఒక్కదాని మీద పెట్టేశాను.

అరండల్‌పేట:

అమ్మా, అంటే ఫోను చూసే తల్లిదండ్రుల పిల్లలు పాడైపోతారనేగా ఆ ప్రయోగం చెప్పేది?

బ్రాడీపేట, గుంటూరు:

అది చెప్పదు బాబూ. అప్పటికి ఇలాంటి ఫోన్లే లేవు. ప్రయోగంలో మూడో ఘట్టం కూడా ఉంది. తల్లి మళ్లీ మామూలుగా నవ్వి పలకరిస్తుంది. బిడ్డ కాస్త చిరచిరలాడి, తర్వాత తేరుకుంటుంది. అన్ని ఇళ్లలోనూ ముఖం తిప్పుకోవడాలు, మళ్లీ కలవడాలు ఉంటాయి. తల్లి తిరిగి వచ్చే ఆ మూడో ఘట్టం రోజులో ఎన్నిసార్లు జరుగుతోందన్నదే నేను చూస్తాను. ఎంత తగ్గితే ప్రమాదమో లెక్క కట్టి చెప్పలేను.

బెంజి సర్కిల్:

నేను ఇంటర్ సెకండియర్. తాతగారు ఈ లింకు పంపి, చదువు అన్నారు. అందరూ ఫోను చూసేవాళ్లనే అంటున్నారు, అందుకని రాస్తున్నా. పండక్కి మా ఇంట్లోనూ తల వంచుకున్నది నేనే. వచ్చిన ప్రతివాళ్లూ ఒకే ప్రశ్న అడిగారు. నేను రీల్స్ చూసి నవ్వుకోవట్లేదు. ఏం చూశానో కూడా గుర్తులేదు.

మార్కులెన్ని యనుచు మామయ్య యడుగంగ
ఫోనులోకి నేను పోయి దాగ,
నీకు నచ్చునేమి, నీ దిగులేమని
చెంతనున్నవారె చేరరైరి.

సత్యనారాయణపురం మాస్టారు:

నాయనా, ఒక్క దోషం లేదు. 'ఫో'కి 'పో' యతి, 'పోయి దాగ' అన్న క్రియ, రెండూ బాగున్నాయి. నా సమస్యలో చేరనివాళ్లు ఫోను పట్టుకున్నవాళ్లు. నీ పూరణలో చేరనివాళ్లు మేము. నేను సమస్య ఇచ్చినప్పుడు ఈ వైపు నుంచి చూడలేదు. కనుమ రోజు మా మనవడిని నేను అడిగింది కూడా ర్యాంకే.

అరండల్‌పేట:

తమ్ముడి పద్యం బాగుంది కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రశ్న నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. తల వంచుకుంటే అమ్మమ్మకు ఏం తెలుస్తుంది? ఆవిడ మార్కులు అడగలేదుగా.

బెంజి సర్కిల్:

అడగలేదండీ. అరిసెలు తెచ్చి పక్కన పెట్టింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

బ్రాడీపేట, గుంటూరు:

ఏది ముందు మొదలైంది, ప్రశ్నా, ఫోనా అని తేల్చబోతే ఏ ఇంట్లోనూ తేలదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

పటమట:

రాత్రి ఆయన పక్కనే సోఫాలో కూర్చుని, దిద్దిన పద్యాన్ని ఆయన ఫోనుకే పంపాను. నోటితో చెప్తే ఊఁ అంటారని భయం. టిక్కులు నీలంగా మారాయి. వేలు ఆగింది. పద్యం రెండుసార్లు చదివినట్టున్నారు. 'బోతి అన్నాక మళ్లీ నేను ఎందుకు?' అని అడిగారు. ఆయనకూ కాస్త పద్యాలు తెలుసు. మాస్టారికి చెప్పిందే చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపటికి, "ఆ రోజు ఏం చెప్పబోయావు?" అన్నారు. రిపోర్టు వచ్చిందన్నాను. ఎక్కడుందని అడిగితే ఫ్రిజ్ మీద ఉందని చెప్పాను. లేచి వెళ్లి తెచ్చుకున్నారు.