పైపులు ఇంకా యార్డులోనే ఉన్నాయి, లాభం అప్పుడే లెక్కల్లోకి వచ్చేసింది: ఎవరిది కరెక్ట్?

అకౌంట్స్_శ్రీను
మాది ప్రైవేట్ లిమిటెడ్ కాంట్రాక్టు కంపెనీ, నిర్మాణ కాంట్రాక్టుల అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-7 పాటిస్తాం. తాగునీటి పైప్‌లైన్ పని, ప్రభుత్వ శాఖది, డిజైన్ నుంచి నిర్మాణం దాకా అన్నీ మేమే చేసే ఈపీసీ పద్ధతిలో 100 కోట్లు, మూడేళ్ల గడువు. మొత్తం ఖర్చు అంచనా 80 కోట్లు. మార్చి 31 నాటికి 24 కోట్లు ఖర్చయింది. అందులో 8 కోట్లు యార్డులో దింపిన డీఐ ఇనుప పైపులవి, ఇంకా వేయలేదు. 24ని 80తో భాగిస్తే 30 శాతం కదా, 30 కోట్ల ఆదాయం, 6 కోట్ల లాభం చూపించమని ఎండీ గారు అంటున్నారు. ఆడిటర్ ఒప్పుకోవడం లేదు. ఎవరిది కరెక్ట్?

వరంగల్_సీఏ
ఆడిటర్‌దే. ఖర్చు శాతాన్ని వాడేది ఎంత పని జరిగిందో తెలుసుకోవడానికి. పైపులు కొని పెట్టుకుంటే పని జరిగినట్టు కాదు. సైట్‌కి చేరినా వాడని సరుకును ఈ లెక్కలోంచి తీసేయమని ఏఎస్-7 నేరుగా చెబుతుంది. సబ్ కాంట్రాక్టర్‌కి ఇచ్చిన అడ్వాన్సు కూడా అంతే. 16ని 80తో భాగించండి, 20 శాతం వస్తుంది. ఆదాయం 20 కోట్లు, లాభం 4 కోట్లు. ఆ 8 కోట్ల పైపులు ఆస్తుల వైపు ఉంటాయి, ఎక్కడికీ పోవు.

ఎంబుక్_రాజు
మేడమ్, సైట్ ఎప్పుడైనా చూశారా? పైపులకు శాఖ డబ్బు ఇచ్చింది. ఈపీసీలో సప్లయ్‌కి ఒక వాటా, లేయింగ్‌కి ఒక వాటా, టెస్టింగ్‌కి ఒక వాటా ఉంటుంది. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ అయింది, కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కింది, పని మధ్యలో పెట్టే ఆర్.ఎ. బిల్లు పాసైంది. డబ్బు వచ్చాక ఆదాయం కాదంటే ఎలా?

వరంగల్_సీఏ
రాజు గారూ, డబ్బు ఎప్పుడు వస్తుందన్నది టెండర్ షరతుల్ని బట్టి ఉంటుంది. పని మొదలుపెట్టడానికి మొబిలైజేషన్ అడ్వాన్సు కూడా వస్తుంది, దాన్ని ఆదాయం అంటామా? బిల్లులు, అడ్వాన్సులు జరిగిన పనికి కొలత కాకపోవచ్చని ఆ ప్రమాణమే హెచ్చరిస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది: ఈ కాంట్రాక్టు కోసమే ప్రత్యేకంగా తయారు చేయించిన సరుకైతే ఖర్చులో కలపొచ్చు. శ్రీను గారూ, మీవి ఏ రకం పైపులు?

అకౌంట్స్_శ్రీను
కె9 క్లాస్, 300, 400 ఎం.ఎం. మామూలువే మేడమ్.

వరంగల్_సీఏ
అయితే ఆ మినహాయింపు రాదు. రేపు ఈ పని ఆగిపోతే వాటిని ఇంకో సైట్‌కి తీసుకెళ్లి వేయొచ్చు. ప్రత్యేకమైన వ్యాసంతో, ఈ అలైన్‌మెంట్ కోసమే చేయించిన ఎం.ఎస్. పైపులైతే వేరే మాట.

నిజాంపేట_కొనుగోలుదారు
మా బిల్డర్ కూడా స్లాబ్ పడకుండానే స్లాబ్ డిమాండ్ నోటీసు పంపాడు. 30 శాతం కట్టేశాం. ఇది చట్టవిరుద్ధమే కదా?

వరంగల్_సీఏ
మీది కొనుగోలుదారు చెల్లింపుల విషయం, రెరాలో ఫిర్యాదు చేయండి. ఇక్కడ మాట్లాడేది కాంట్రాక్టరు తన ఖాతాల్లో ఆదాయం ఎప్పుడు రాసుకోవాలన్నది.

పన్ను_కట్టినవాడు
ఇంత చర్చ ఎందుకు? 25 శాతం దాటేదాకా లాభమే చూపించక్కర్లేదు. 20 శాతం అని తేల్చేయండి, ఈ ఏడాది పన్ను సున్నా. నేను ఒక రోడ్డు పనిలో బిల్లుల్లోంచి పట్టి ఉంచిన 5 శాతం రిటెన్షన్ చేతికి రాకముందే దాని మీద కూడా పన్ను కట్టాను. పని అయ్యాక డిఫెక్ట్ లయబిలిటీ అని రెండేళ్లు ఆపారు. రాని డబ్బు మీద పన్ను వసూలు చేసే వాళ్లకి మనం ముందే లాభం చూపించడం దేనికి?

వరంగల్_సీఏ
సగమే చెప్పారు సార్. 25 శాతం మాట ఆదాయపు పన్ను లెక్కలకు పెట్టిన ఐసీడీఎస్-3 లోది. ఫలితాన్ని నమ్మకంగా అంచనా వేయలేని తొలిదశలో, ఖర్చు మేరకే ఆదాయం చూపించవచ్చని అది చెబుతుంది. ఆ తొలిదశ 25 శాతం దాటకూడదంటుంది. అంతేగానీ, 25 లోపు ఉంటే చాలు లాభం సున్నా అని కాదు. 80 కోట్లు ఖర్చవుతుందని బ్యాంకుకి సంతకం పెట్టి ఇచ్చి, పన్ను అధికారి ముందు అంచనా వేయలేకపోయాం అంటే ఎవరు నమ్ముతారు? రిటెన్షన్ విషయంలో మీ బాధ నిజం. పని పూర్తయి హక్కు ఏర్పడ్డాకే అది ఆదాయమని కోర్టులు అంటూ వచ్చాయి. 2018లో 43సీబీ సెక్షన్ తెచ్చి రిటెన్షన్‌ని కూడా కాంట్రాక్టు ఆదాయంలో కలిపేశారు, అదీ 2017-18 అసెస్‌మెంట్ ఇయర్ నుంచే వర్తించేలా.

పన్ను_కట్టినవాడు
అదే నేనూ అంటున్నది! ఈ శాతాల పద్ధతే తప్పు. పని అయిపోయాక, శాఖ ఫైనల్ బిల్లు ఇచ్చాక లాభం లెక్క కట్టాలి. పాతకాలంలో అలాగే చేసేవాళ్లు.

గోదారి_పిల్ల
మూడేళ్లూ సున్నా చూపించి చివర్లో ఒక్కసారి 20 కోట్లు చూపిస్తే బ్యాంకు ఏ సంవత్సరం లెక్క చూసి అప్పు లిమిట్ ఇస్తుంది?

ఎంబుక్_రాజు
ఖర్చు లెక్క వదిలేయండి. కిలోమీటర్లు కొలవండి. 60 కిలోమీటర్ల లైనులో 9 వేశారనుకోండి, 15 శాతం. అకౌంట్స్ వాళ్లు దాన్ని పెంచలేరు, తగ్గించలేరు. టేపు అబద్ధం చెప్పదు.

వరంగల్_సీఏ
భౌతిక కొలత కూడా ప్రమాణం ఒప్పుకున్న పద్ధతే. కానీ మీ ఈపీసీలో ఇన్‌టేక్ వెల్, పంప్‌హౌస్, ఓవర్‌హెడ్ ట్యాంకులు లేవా? వాటిని కిలోమీటర్లలో ఎలా కొలుస్తారు? లైను 15 శాతం, పంప్‌హౌస్ పునాది దాకా, ట్యాంకుల్లో రెండు సగం. వీటిని కలిపి ఒక్క అంకె చేయాలంటే మళ్లీ ఒక్కోదానికి ఖర్చు వెయిటేజీ ఇవ్వాలి. అప్పుడు తిరిగి అంచనా దగ్గరికే వస్తాం.

ఎంబుక్_రాజు
అంచనా అంచనా అంటారు. ఆ అంచనా ఎవరు వేస్తారు? ఆఫీసులో ఏసీలో కూర్చున్నవాళ్లు టెండర్ నాటి షీటులో సంవత్సరం మార్చి ప్రింటు తీస్తారు. మేము చెప్పిందేదీ అందులోకి ఎక్కదు. నేను ముందు పనిచేసిన కంపెనీలో మార్చి నెలాఖరున లారీలకు లారీలు స్టీలు దింపించేవాళ్లు. మాకు అవసరం లేదు, పెట్టుకోవడానికి చోటు లేదు, వానకు తుప్పు పట్టింది. ఆ ఏడాది బ్రహ్మాండమైన లాభం. పై ఏడాది నష్టం వస్తే ‘సైట్ మేనేజ్‌మెంట్ సరిగ్గా లేదు’ అని మా ఇంక్రిమెంట్లు ఆపారు. నాకు శాతం కాదు మేడమ్ ముఖ్యం. పెంచిన లాభం ఎండీ గారిది, తర్వాత వచ్చిన నష్టం మాదీ ఎందుకవుతుంది?

గోదారి_పిల్ల
ఇదే అసలు విషయం.

వరంగల్_సీఏ
రాజు గారు ఇంతసేపూ నాతో పోట్లాడింది పైపుల గురించి కాదన్నమాట. ఆ కోపం న్యాయమైనదే. లెక్కలోనూ అసలు బలహీనత అక్కడే ఉంది. భాగహారంలో పై అంకె, అంటే ఇప్పటిదాకా అయిన ఖర్చు, వోచర్లతో రుజువవుతుంది. కింది అంకెలో కలిసే, ఇంకా కావలసిన ఖర్చు మాత్రం ఒక మనిషి మాట. శ్రీను గారూ, ఆ 80 కోట్ల అంచనా చివరిసారి ఎప్పుడు మార్చారు?

అకౌంట్స్_శ్రీను
టెండర్ వేసినప్పటిదే మేడమ్. ఒక విషయం ఇక్కడ రాయాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. ఫిబ్రవరిలో మా సైట్ ఇంజినీర్ ఒక లెటర్ పెట్టారు. ఒక 14 కిలోమీటర్ల మేర ట్రెంచ్‌లో హార్డ్ రాక్ తగిలిందని, బ్లాస్టింగ్ లేకుండా కుదరదని, 12 కోట్లు అదనంగా అవుతుందని. ఎండీ గారు ‘లిమిట్ రెన్యువల్ అయ్యాక చూద్దాం’ అని పక్కన పెట్టారు.

వరంగల్_సీఏ
అయితే పైపుల గొడవ చిన్నది. అంచనా 92 కోట్లు అనుకోండి. 16ని 92తో భాగిస్తే 17.4 శాతం. ఆదాయం 17.4 కోట్లు, లాభం 1.4 కోట్లు. పైపులు తీసేస్తే మీ 6 కోట్లు 4 అయింది, రాయిని కలిపితే 1.4 అయింది. ఇప్పుడు రెండో ఏడాదికి రండి. పైపులన్నీ వేసి, మొత్తం ఖర్చు 46 కోట్లయిందనుకుందాం. 92లో సగం, అంటే 50 కోట్ల ఆదాయం, రెండేళ్ల లాభం కలిపి 4 కోట్లు. మొదటి ఏడాది 6 చూపించి ఉంటే రెండో ఏడాది 2 కోట్ల నష్టం రాయాలి. రాజు గారి ఇంక్రిమెంట్ ఆగింది ఇలాంటి నష్టం వల్లే. మొదటి ఏడాది 1.4 చూపిస్తే రెండో ఏడాది 2.6 కోట్ల లాభం కనిపిస్తుంది. పని అదే, రాయి అదే, మనుషులూ వాళ్లే.

పన్ను_కట్టినవాడు
ఆ 12 కోట్లు శాఖ ఇస్తుంది కదా. ఎక్స్‌ట్రా ఐటం పెట్టి క్లెయిమ్ చేస్తారు. ఖర్చుతో పాటు ఆదాయం కూడా 112 చేయండి, లాభం తగ్గనే తగ్గదు.

ఎంబుక్_రాజు
ఈపీసీలో నేల రిస్క్ మనదే సార్. సర్వే, ఇన్వెస్టిగేషన్ మనమే చేసుకోవాలని అగ్రిమెంట్‌లో ఉంటుంది. రాయికి రూపాయి ఇవ్వరు.

వరంగల్_సీఏ
రాజు గారి మాటే నాదీ. శాఖ ఒప్పుకునే అవకాశం గట్టిగా ఉండి, మొత్తం కూడా తేలితేనే అదనపు మొత్తాన్ని ఆదాయంలో కలపాలి. అగ్రిమెంట్‌లో ఆ క్లాజు ఎలా ఉందో చదవకుండా 112 రాయకూడదు.

పన్ను_కట్టినవాడు
అంచనా మారితే మారిన ఏడాదిలోనే చూపించాలని రూలుంది. ఎండీ గారు మేలో షీటు మారిస్తే అది పై ఏడాది లెక్క. ఇందులో తప్పేముంది?

వరంగల్_సీఏ
అంచనా మార్పు ప్రభావం ఆ కాలంలోనే వస్తుందన్నది నిజం. కానీ రాయి మేలో పుట్టలేదు. మార్చి 31న భూమిలోనే ఉంది, పైగా ఉందని చెబుతూ ఫిబ్రవరి తేదీతో లెటర్ కూడా ఉంది. ఖాతాల మీద సంతకం అయ్యేలోపు తెలిసిన విషయం ఆ తేదీ నాటి పరిస్థితిని చూపిస్తుంటే, ఆ ఏడాది లెక్కలోకే రావాలి. షీటు మార్చడం ఆలస్యం చేసి సంవత్సరాన్ని ఎంచుకోవడం కుదరదు.

పన్ను_కట్టినవాడు
నేను ఒప్పుకోను. లెటర్‌లో ఉన్నది ఒక ఇంజినీర్ ఊహ. 12 కోట్లని అతనికి ఎవరు చెప్పారు? రేపు 5 కోట్లే అయితే అప్పుడేం చేస్తారు?

వరంగల్_సీఏ
పై ఏడాది సరిచేస్తారు, ఈ పద్ధతి స్వభావమే అది. 12 కాకపోతే 8 అనండి, 10 అనండి. సున్నా మాత్రం అనలేరు. శ్రీను గారూ, ఆ లెటర్‌తో పాటు ట్రయల్ పిట్ల వివరాలు, కిలోమీటర్ వారీగా రాయి ఎన్ని క్యూబిక్ మీటర్లో, బ్లాస్టింగ్ రేటు ఎంతో ఒక షీటు మీ ఇంజినీర్ చేత తయారు చేయించండి. 12 అవునో కాదో అక్కడే తేలుతుంది.

అకౌంట్స్_శ్రీను
సోమవారం అడుగుతాను మేడమ్. కానీ ఆ షీటు ఆడిటర్‌కి నేను ఇస్తే, బ్యాంకు లిమిట్ ఆగితే, జీతాలు ఆగేది మాకే.

ఎంబుక్_రాజు
షీటు తయారు చేసే ఇంజినీర్ సంతకం దాని మీద ఉండాలి, ఎండీ గారి సంతకం కూడా ఉండాలి. ఒక్క సైట్ వాళ్ల సంతకంతో పంపొద్దు తమ్ముడూ. పై ఏడాది మళ్లీ మమ్మల్నే నిలబెడతారు.

పన్ను_కట్టినవాడు
ఎండీ ఎందుకు పెడతాడు సంతకం?

వరంగల్_సీఏ
పెట్టకపోతే, పెట్టలేదన్న విషయాన్నే ఆడిటర్ రాతపూర్వకంగా అడుగుతారు. నేనైతే అడుగుతాను. 80 కోట్ల అంచనా ఇప్పటికీ సరైనదేనని కంపెనీ డైరెక్టర్లు ఆడిటర్‌కి లిఖితపూర్వకంగా చెప్పాలి. ఫిబ్రవరి లెటర్ ఫైల్లో ఉండగా ఆ మాట రాసివ్వడం ఎండీ గారికీ సులభం కాదు.