రాత్రి కాల్ ఎప్పుడూ ఒకవైపే పడుతుంటే వంతులు అడగొచ్చా?

మాధవి: మేం భారత్‌లో, మిగతా టీమ్ అమెరికా పశ్చిమ తీరంలో. మంగళ, గురువారాలు కాల్. వాళ్లకి పొద్దున 8, మాకు చలికాలంలో రాత్రి 9:30. వంతులు వేసుకుందామని ఎలా అడగాలి? అసలు అడగడం సబబేనా?

సుధాకర్: సబబే. అయితే "మాకు కష్టంగా ఉంది" అని మొదలుపెట్టకండి. గత 8 వారాల కాల్స్ తీసి, ఒక్కోటి ఇటు ఎన్నింటికి, అటు ఎన్నింటికి పడిందో పక్కపక్కన రాయండి. 16కి 16 మీకే రాత్రి పడ్డాయని కళ్లెదుట ఉంటే వాదన పెద్దగా అక్కర్లేదు. ఆపైన 8 వారాలు చూద్దామనండి: 4 వారాలు ఇప్పటిలాగే, తర్వాతి 4 వారాలు మీకు పొద్దున 7:30, వాళ్లకి ముందురోజు సాయంత్రం 6. వారం వారం మారిస్తే సగంమంది పాత టైముకే వచ్చి కూర్చుంటారు.

ఫణి: వంతులెందుకండీ, రికార్డ్ చేస్తే పొద్దున చూసుకోవచ్చుగా?

సుధాకర్: ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే కాల్ అయితే మీ మాట నిజం. దాన్ని ఏకంగా రాతలోకి మార్చేయొచ్చు. నిర్ణయాలు తీసుకునే కాల్‌కి మాత్రం కుదరదు, రికార్డింగ్ చూసేసరికి నిర్ణయం అయిపోయి ఉంటుంది. మాధవి గారూ, రెండింట్లో ఒకటి అలా తగ్గుతుందేమో ముందు చూడండి.

నాగమణి: మా దగ్గర నైట్ డ్యూటీకి అలవెన్స్, క్యాబ్ ఇస్తారు. అదే అడగండి.

మాధవి: అది షిఫ్ట్ అండీ. మాకు పగలంతా పని అయ్యాక పడే కాల్ ఇది.

సుధాకర్: రెండు చోట్ల జాగ్రత్త. మీ సోమవారం పొద్దున అంటే వాళ్లకి ఆదివారం సాయంత్రం, ఆ రోజు పెట్టకండి. రెండోది గడియారం మార్పు. మార్చి రెండో ఆదివారం వాళ్లు గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. ఇన్వైట్ వాళ్ల టైమ్‌జోన్‌లో ఉంది కాబట్టే మీకు వేసవిలో 8:30కి పడే కాల్ చలికాలంలో 9:30 అవుతోంది. ఏ విడతలో ఎవరికి వేళకాని వేళ అవుతుందో వాళ్ల టైమ్‌జోన్‌లోనే ఆ విడత ఇన్వైట్ పెట్టాలి. అలా రాత్రి విడత మీ 8:30కి కట్టేస్తే, చలికాలంలో ఆ గంట తేడా మీ మీద కాక వాళ్ల మీద పడుతుంది, వాళ్లు 7కి లేచి వస్తారు. ఉన్న ఇన్వైట్‌నే అటూ ఇటూ జరపకండి, రెండు విడతలకీ విడివిడిగా రెండు ఇన్వైట్లు చేయండి.

రేవతి: అటువాళ్లకి సాయంత్రం 6 అంటే పిల్లల్ని ఇంటికి తెచ్చుకునే వేళ. వాళ్లలో అందరికీ అది పొద్దున 8 అంత తేలిక కాదు. లెక్క సగం సగం అయినంత మాత్రాన న్యాయం అయిపోదు.

సుధాకర్: ఒప్పుకుంటాను. అందుకే 7:30, 6 అని మీరే ఖాయం చేయకుండా, వాళ్లకి ఏ సాయంత్రం వీలో అడగండి.

ఫణి: క్లయింట్ కూడా అటే ఉంటే?

సుధాకర్: ఆ కాల్‌ని కదపలేం. దానికి బదులు లోపలి కాల్స్ అన్నీ మీ పగటివేళ అడగండి.

రేవతి: అలా అయితే అటువాళ్లకి వంతు ఎక్కడుంది? రోజూ సాయంత్రాలు వాళ్లవే పోతాయి. దానికి నేను ఒప్పుకోను.