ఏమీ చెప్పకుండా ‘ఫిర్యాదు లెటర్ రాసివ్వండి’ అంటే రాసివ్వాలా, వద్దా?

బైరాగిపట్టెడ అమ్మాయి
అన్నా, అక్కా, నాకొక ఫిర్యాదు లెటర్ కావాలి. కొంచెం గట్టిగా ఉండాలి, చదివితే భయపడాలి. రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఎవరైనా రాసిపెట్టండి ప్లీజ్.

కొర్లగుంట కుర్రోడు
ఇదిగో, పేర్లు పెట్టుకుని వాడుకో.
“గౌరవనీయులైన సార్/మేడమ్ గారికి, గత నెలలో మీ వద్ద నాకు జరిగిన అన్యాయం గురించి పలుమార్లు తెలియజేసినా, మీరు ఏ కారణమూ లేకుండా నిర్లక్ష్యం చేశారు. దీనివల్ల నేను తీవ్ర మానసిక వేదనకు గురయ్యాను. వెంటనే తగిన చర్య తీసుకోగలరు. లేనిచో చట్టపరంగా ముందుకు వెళతానని తెలియజేస్తున్నాను.”
ఎవరికైనా పనికొస్తుంది. నేను ఇప్పటికి నలుగురికి ఇచ్చినా.

గ్రీమ్స్‌పేట రెడ్డెమ్మ
మా వీధిలోనూ ఇదే బాధమ్మా. కాలువ పొంగి ఇంటి ముందు నిలబడుకోని ఉండాది, మూడు సార్లు చెప్పినా ఎవరూ రాలేదు. లెటర్ ఎందుకు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు గదా, పోయి ఇచ్చేయ్. నంబరు వేసి రసీదు ఇస్తారు, అది జాగ్రత్త చేసుకో.

పాత టపాలు
రెడ్డెమ్మక్కా, ఆ అమ్మాయి కాలువ అన్నదా? నువ్వు కాలువ అనుకున్నావు, కుర్రోడు ఏదో షాపు అనుకున్నట్టున్నాడు, నేనైతే కాలేజీ అనుకున్నా. రాసేవాడు ఊహించుకుని రాస్తే లెటర్ అట్లానే వస్తుంది.

నేను ముప్పై ఏళ్ళు టపాలు తీసుకునే సీటులో కూర్చున్నోణ్ని. ఆ సీటులో ఉండేవాడు లెటర్ మొత్తం చదవడు. ఇది ఏ సెక్షన్‌కి పంపాలి, వీళ్ళకి ఏం కావాలి, ఈ రెండే చూస్తాడు. ఈ రెండూ దొరక్కపోతే పైన ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి ఎక్కడో ఒక చోటికి తోసేస్తాడు. అక్కడివాడు ‘వివరాలు లేనందున’ అని మూసేస్తాడు. ఇందులో ఎవరి కుట్రా లేదు, ఆ కాయితంలో పట్టుకోడానికి ఏమీ లేదు, అంతే. కాబట్టి నా మాట ఒకటే. వివరాలు రాకుండా ఒక్క వాక్యం కూడా రాసివ్వకూడదు.

కొర్లగుంట కుర్రోడు
మనిషి బాధలో ఉండి అడిగితే మనం ఇరవై ప్రశ్నలు వేస్తామా సామీ? పారిపోతుంది. మొదలు చేతిలో ఒక లెటర్ పెడితే, ఖాళీలు చూసుకుని తానే నింపుకుంటుంది. ఖాళీలే ప్రశ్నలు గదా.

పాత టపాలు
నువ్వు ఇచ్చినదాంట్లో ఖాళీలు ఎక్కడున్నాయి నాయనా? ‘గత నెలలో’ అని నువ్వే నింపేశావు. ‘పలుమార్లు తెలియజేసినా’ కూడా నీదే. ‘ఏ కారణమూ లేకుండా’ అన్నది అన్నిటికంటే ప్రమాదం. ఆ అమ్మాయి సంతకం పెట్టిన నిమిషం నుంచి అవన్నీ ఆమె మాటలు అవుతాయి.

మా తోడల్లుడి కథ చెప్తా. పుత్తూరులో ఉంటాడు. ఫ్రిజ్ కొన్నాడు, 21,500 రూపాయలు, బిల్లు మే 11న. వారంటీ ఏడాది. తర్వాతి ఏడు ఏప్రిల్ 3న చల్లదనం పోయింది, 5న షాపుకి ఫోన్ చేశాడు, 9న మెకానిక్ వచ్చి గ్యాస్ పెట్టి 600 తీసుకుపోయాడు, వారానికే మళ్ళీ మామూలే. తర్వాత ఇంట్లో పెళ్ళి పనుల్లో పడి మరిచిపోయి, జూన్‌లో ఎవరి దగ్గరో ఇట్లాంటి లెటరే తెచ్చుకుని ఇచ్చాడు. అందులో ‘గత నెలలో మీ వద్ద కొన్న ఫ్రిజ్’ అని ఉంది, చివర ‘తగిన చర్య తీసుకోగలరు’ అని ఉంది.

షాపువాళ్ళు జవాబు ఇచ్చారు చూడండి, నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మీరు చెప్పిన నెలలో మీ పేరున మా దగ్గర ఏ అమ్మకమూ లేదు, అయినా మా టెక్నీషియన్‌ను పంపి తగిన చర్య ఇదివరకే తీసుకున్నాము. అయిపోయింది. వీడు అడిగింది తగిన చర్య, వాళ్ళు తీసుకుంది తగిన చర్య. ఇంకేం అడుగుతాడు?

అసలు ఆ కేసుకి ప్రాణం ఏప్రిల్ 5. వారంటీ మే 10తో అయిపోతుంది, వీడు మొదట చెప్పింది వారంటీ లోపలే. లెటర్ జూన్‌లో ఇచ్చినా పరవాలేదు, ఆ ఒక్క తేదీ రాసి ఉంటే. ఫోన్‌లో కాల్ లిస్టు ఉండె, 600 తీసుకున్న చీటీ ఉండె. రెండోసారి నేను కూర్చోబెట్టి రాయించా, ఆరు వాక్యాలు. కొన్న తేదీ, చెడిన తేదీ, చెప్పిన తేదీ, మెకానిక్ వచ్చిన తేదీ, తీసుకున్న 600 వెనక్కి ఇవ్వాలి, 15 రోజుల్లో కంప్రెసర్ మార్చాలి లేదా ఫ్రిజ్ మార్చాలి. వేదన, నిర్లక్ష్యం, చట్టం, ఏ మాటా లేదు. కంప్రెసర్ మార్చారు, 600 ఇచ్చారు. కొత్త ఫ్రిజ్ మాత్రం ఇవ్వలేదు.

ఎం.ఆర్.పల్లి మామ
ఇదంతా సోది. షాపైనా సర్వీసైనా లాయరు నోటీసు పోవాలి. లాయరు నోటీసు లేకుండా కన్జ్యూమర్ కమిషన్‌లో కేసే తీసుకోరు. సొంతంగా రాసే లెటర్‌కి విలువ లేదు.

పాత టపాలు
మామా, సగం కరెక్టు. ముందు అవతలివాళ్ళకి రాసి, జవాబుకి టైమ్ ఇచ్చి, తర్వాత కేసు వేస్తే బలం, అది నిజమే. లాయరు నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు. 2019 చట్టం కింద మనమే వెయ్యొచ్చు, మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు మాత్రం రెండేళ్ళు. ఆ రెండేళ్ళు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో చెప్పేది కూడా తేదీనే, ‘గత నెల’ కాదు.

నర్సింగ్ అక్క
మీరంతా ఫ్రిజ్‌లు, నోటీసులు అంటున్నారు. నాకు వేరే అనుమానం. ఒక ఆడపిల్ల ఏం జరిగిందో చెప్పకుండా లెటర్ అడిగిందంటే, చెప్పలేని విషయం అయి ఉండొచ్చు కదా. పదిమంది చూసే చోట ‘ఎవరు, ఎప్పుడు’ అని నిలదీస్తే ఎట్లా?

నేను పనిచేసిన చోట ఒక పిల్లకి ఇట్లానే అయింది. పనిచేసే చోట లైంగిక వేధింపు అయితే లోపలి కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. రాసుకోలేకపోతే రాయడానికి సాయం చెయ్యాల్సింది ఆ కమిటీవాళ్ళే, చట్టంలో ఉంది. చెల్లీ, అట్లాంటిదైతే ఇక్కడ ఏమీ రాయొద్దు. టైమ్ మాత్రం పోనీకు.

పాత టపాలు
ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. అట్లాంటిదైతే ఇక్కడ చెప్పకూడదు, ఇక్కడినుంచి లెటరూ తీసుకోకూడదు. కుర్రోడి లెటర్ అక్కడ ఇంకా చేటు. కమిటీ ముందు మొదట రాసిందానికీ తర్వాత చెప్పిందానికీ తేడా వస్తే అవతలివాడు దాన్నే పట్టుకుంటాడు.

కొర్లగుంట కుర్రోడు
సరే, అన్నీ నా మీదే వేయండి.

బైరాగిపట్టెడ అమ్మాయి
అయ్యో, మీరంతా కొట్లాడుకోకండి. అక్కా, అట్లాంటిది ఏమీ కాదు. థ్యాంక్స్. హాస్టల్ అడ్వాన్స్ ఇవ్వట్లేదు. 6,000. నేను ఖాళీ చేసి మూడు వారాలయింది. ఆంటీ ఫోన్ ఎత్తట్లేదు. అందరి ముందు చెప్పడానికి సిగ్గయి చెప్పలేదు, అంతే.

పాత టపాలు
ఇప్పుడు దారికొచ్చావు తల్లీ. నాలుగే అడుగుతా. ఖాళీ చేస్తున్నానని ఎప్పుడు చెప్పావు, నోటితోనా రాతతోనా? ఎప్పుడు ఖాళీ చేశావు? చేరినప్పుడు ఏదైనా ఫారం మీద సంతకం పెట్టావా? ఏం చేస్తే నువ్వు ఈ గొడవ వదిలేస్తావు?

బైరాగిపట్టెడ అమ్మాయి
జూన్ 12న వాట్సాప్‌లో ‘ఆంటీ, నెలాఖరుకి వెళ్తున్నా’ అని పెట్టా, బ్లూ టిక్ పడింది. 30న ఖాళీ చేశా. ఫారం ఫోటో ఉంది, ఇప్పుడే చూశా... ‘30 రోజుల ముందు చెప్పవలెను’ అని ఉంది. నేను చదవలేదు. నెలకి రెంట్ 4,500. డబ్బులు వస్తే చాలు, ఇంకేం వద్దు.

పాత టపాలు
చూశావా కుర్రోడా, ‘ఏ కారణమూ లేకుండా’ అని రాసి ఉంటే? వాళ్ళ చేతిలో కారణం ఉంది. జూన్ 12న చెప్తే 30 రోజులు జూలై 12కి అవుతాయి. పన్నెండు రోజులు తక్కువ. రోజుకి 150 లెక్కన 1,800. మిగిలిన 4,200 పట్టుకోడానికి వాళ్ళకి ఏ ఆధారమూ లేదు. అమ్మా, 4,200 అడుగు. నువ్వే తప్పు ఒప్పుకుని లెక్క వేసి చూపిస్తే, ఎవరి ముందు పెట్టినా నీ మాట నిలబడుతుంది.

నర్సింగ్ అక్క
ఎందుకు ఒప్పుకోవాలి? ఆ మంచం ఖాళీగా ఉందా, వేరే అమ్మాయి వచ్చిందా? వచ్చి ఉంటే వాళ్ళకి పోయింది ఏముంది? ఒకే మంచానికి ఇద్దరి దగ్గర రెంటా?

బైరాగిపట్టెడ అమ్మాయి
జూలై 2నే వేరే అమ్మాయి చేరింది అక్కా. నా రూమ్మేట్ చెప్పింది.

ఎం.ఆర్.పల్లి మామ
అయితే మొత్తం 6,000 అడుగు, వడ్డీ కూడా వెయ్యి. సంతకం పెట్టిన ఫారం అయినా వాళ్ళకి నష్టమే లేనప్పుడు ఏం చెల్లుతుంది?

పాత టపాలు
చెల్లుతుందా లేదా అన్నది తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు మామా. రూమ్మేట్ చెప్పింది అంటే సరిపోదు, ఆ రూమ్మేట్ రాసి ఇస్తుందా? ఇంకా అక్కడే ఉంటోంది ఆ పిల్ల. నేనైతే 4,200 దగ్గరే ఉంటా. నర్సింగ్ అక్క మాటలోనూ న్యాయం ఉంది, కాదనను. ఏదో ఒకటి రాయమ్మా, ‘6,000 లేదా మీకు తోచినంత’ అని మాత్రం రాయొద్దు, తోచినంత అంటే 500 తోస్తుంది.

బైరాగిపట్టెడ అమ్మాయి
ఎవరి పేరున రాయాలి? ఆంటీ పేరు నాకు తెలీదు, అందరం ఆంటీ అనే పిలుస్తాం. అడ్వాన్స్ ఫోన్‌పే చేశా, అక్కడ వాళ్ళబ్బాయి పేరు వస్తోంది.

పాత టపాలు
బోర్డు మీద ఉన్న హాస్టల్ పేరు రాసి ‘నిర్వాహకులకు’ అని పెట్టు. డబ్బు ఫలానా పేరుకు వెళ్ళిందని లోపల రాయి, తేదీ, యూటీఆర్ నంబరు వెయ్యి. ఆ పేమెంట్ తెరిస్తే కనపడుతుంది. ఇంతే రాయి:

“నేను మీ హాస్టల్‌లో చేరినప్పుడు (తేదీ) 6,000 రూపాయలు అడ్వాన్స్‌గా (పేరు)కు ఫోన్‌పే ద్వారా చెల్లించాను, యూటీఆర్ నంబరు (...). ఖాళీ చేస్తున్నట్టు జూన్ 12న వాట్సాప్‌లో తెలిపాను, జూన్ 30న ఖాళీ చేశాను. అడ్వాన్స్ ఇంతవరకు రాలేదు. (...) రూపాయలు ఈ లెటర్ అందిన 15 రోజుల్లో నేను ఏ ఫోన్‌పే నంబరు నుంచి చెల్లించానో ఆ నంబరుకే పంపగలరు. వాట్సాప్ మెసేజ్, పేమెంట్ ఫోటోలు జత చేశాను.”

ఖాళీలు నువ్వే నింపుకోవాలి. రెండు కాపీలు తీసుకుపో, ఒకదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ వేయించుకో. వెయ్యకపోతే గొడవ పడకు, స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకో.

కొర్లగుంట కుర్రోడు
చివరికి ఖాళీల లెటరే ఇచ్చారు గదా సామీ.

పాత టపాలు
ఇచ్చినా. ఏ ఖాళీ పెట్టాలో తెలిసినాక ఇచ్చినా.

బైరాగిపట్టెడ అమ్మాయి
6,000 అనే రాశా తాతా, సారీ. వేరే అమ్మాయి చేరిన సంగతి కూడా ఒక లైను కలిపా, రూమ్మేట్ పేరు రాయలేదు. భయపెట్టే మాట ఒక్కటీ లేదు, పరవాలేదా?