క్లయింట్ మీటింగ్ వాయిదా: కారణం ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: గురువారం మధ్యాహ్నం 3కి క్లయింట్‌తో మీటింగ్. 1 గంటకు ఇంట్లో అత్యవసరం వచ్చిపడింది. అసలు కారణం చెప్పాలా, "అనివార్య కారణాలు" అంటే సరిపోతుందా?

మూడోబెంచీ: అనివార్య కారణాలు చాలు. మన ఇంటి సంగతులు వాళ్లకెందుకు? వెంటనే ఇన్వైట్ క్యాన్సిల్ చేసి, తర్వాత వీలు చూసుకుని కొత్తది పంపండి.

పాతకాపు: వివరాలు వద్దన్నది నిజమే. కానీ "అనివార్య కారణాలు" అంటే ఇంకో పెద్ద క్లయింట్ కోసం మమ్మల్ని పక్కనపెట్టారేమో అనుకోవచ్చు. "కుటుంబంలో అత్యవసర పరిస్థితి" అంటే ఆ అనుమానం రాదు. అక్కడితో ఆగండి. ఆసుపత్రి, ఆపరేషన్ దాకా వెళ్తే వాళ్లు పరామర్శ రాస్తారు, కొత్త టైమ్ సంగతి మరుగున పడుతుంది.

క్యాన్సిల్ మాత్రం చేయకండి. మీ మెయిల్ కంటే ముందు ఆ నోటీసు చేరితే కారణం తెలియని రద్దు ఒక్కటే వాళ్లకు కనిపిస్తుంది. రెండు గంటలే ఉంది కాబట్టి ముందు ఫోన్ చేయండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. ఆ వెంటనే పాత మెయిల్‌కే అందరికీ వెళ్లేలా రిప్లై ఇవ్వండి:

"కుటుంబంలో అత్యవసర పరిస్థితి వల్ల ఈరోజు 3 గంటల మీటింగ్‌కు రాలేకపోతున్నాను, క్షమించండి. సోమవారం ఉదయం 11 గానీ, మంగళవారం సాయంత్రం 4 గానీ మీకు వీలవుతుందా? ధరల పట్టిక జతచేశాను. అందులో డెలివరీ తేదీపై మీ నిర్ణయం ఒక్కటే మిగిలింది."

ఇన్వైట్ పేరు ముందు "వాయిదా" అని చేర్చి అప్‌డేట్ పంపితే, మెయిల్ చూడనివాళ్లు 3 గంటలకు లింక్ తెరిచి ఎదురుచూడరు. టైమ్ ఖాయమయ్యాక అదే ఇన్వైట్‌లో తేదీ మార్చండి. ఇన్వైట్ క్లయింట్ పంపిందైతే మీరు మార్చలేరు, కొత్త టైమ్ ప్రతిపాదించడమే దారి.

ఊరికే చదువరి: మరి మెడికల్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలి?

పాతకాపు: అది ఆఫీసు సెలవు సంగతండీ. క్లయింట్ సర్టిఫికెట్ అడగరు.

లెక్కలపద్దు: శుక్రవారం ఇవ్వకపోవడం బాగుంది. ఇంటి పరిస్థితి తేలకుండా మర్నాడే మాటిస్తే రెండోసారి కూడా వాయిదా వేయాల్సి రావచ్చు, నమ్మకం పోయేది అప్పుడే. క్లయింట్ వేరే దేశంలో ఉంటే తేదీతో పాటు ఎవరి టైమ్‌లో 11 గంటలో కూడా రాయాలి. కానీ ఆ డెలివరీ తేదీ ఈరోజే తేలాల్సి ఉంటే? అప్పుడు వాయిదా వద్దు, సహోద్యోగిని కూర్చోబెట్టండి.

పాతకాపు: ఆ ఫైలు మొదటినుంచీ చూసినవాళ్లయితేనే. లేకపోతే క్లయింట్ పాత విషయాలన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. నేనైతే ఆ ఒక్క నిర్ణయం మెయిల్‌లోనే అడుగుతాను.

లెక్కలపద్దు: బేరం ఉన్న విషయం మెయిల్‌లో తెగదు. పది నిమిషాలైనా మనిషి మాట్లాడాలి.

మూడోబెంచీ: "వాయిదా" అని పేరు మార్చడం నాకు తట్టలేదు. కారణం విషయంలో మాత్రం కొత్త క్లయింట్‌కైతే ఇంట్లో సంగతని కూడా చెప్పను.