పొలం ఫోటో చూసి ఆఖరి యూరియా ఎప్పుడో చెప్పగలమా?

ఎడమకాలువ
మాది మిర్యాలగూడ వైపు, బోరు కింద వరి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, పొలం నాన్న చూస్తాడు. గట్టు మీద నిలబడి తీసిన రెండు ఫోటోలు పంపాడు. ఒక మడిలో ఆర్ఎన్ఆర్ 15048, పక్క మడిలో బీపీటీ 5204. రెండిటికీ నారు జూన్ 20న పోశాం, జూలై 18న నాటాం. ఇవాళ ఆగస్టు 20. ఫోటోల్లో రెండూ ఒకేలా దుబ్బు చేసి పచ్చగా ఉన్నాయి. ఆఖరి దఫా యూరియా, పొటాష్ రెండిటికీ ఈ వారమే వేసేద్దామంటాడు నాన్న. ఫోటో చూసి దశ చెప్పగలిగేవాళ్లు చెప్పండి. లేదంటే అసలు అలా చెప్పడం కుదరదా?

పచ్చనోట్లు
ఎందుకు కుదరదు? పదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నా. రోజూ వాట్సాప్‌లో ఫోటోలు వస్తాయి, చూసే చెప్తా. ఈ రెండూ పిలక దశలోనే ఉన్నాయి. సాళ్ల మధ్య నీళ్లు ఇంకా కనబడుతున్నాయి, కంకికి ముందు వచ్చే ఆఖరి ఆకు, అదే పోటాకు, రాలేదు. ఇంకో పదిహేను రోజులు ఆగి రెండిటికీ వేయండి. పోటాకు కనబడ్డాక వేస్తే కంకికి బాగా పడుతుంది.

దమ్ముచెక్క
పచ్చనోట్లు గారు, ఈనిన తర్వాతి ఫోటో అయితే మీ మాటకు నేనూ ఒప్పుకుంటాను. ఈనికకు ముందు మాత్రం ఆ లెక్క తప్పుతుంది. ముప్పై ఏళ్లు వ్యవసాయ శాఖలో తిరిగాను, ఈ ఒక్క దగ్గరే రైతులు ఎక్కువగా డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

పోటాకు బయటికొచ్చిందంటే లోపల వెన్ను, అంటే రాబోయే కంకి, అప్పటికే చాలా పెరిగి ఉంటుంది. ఒక్కో కంకికి ఎన్ని గింజలన్నది అంతకు ముందే ఖరారవుతుంది. ఆఖరి యూరియా వేసేది ఆ సంఖ్య కోసమే కదా. పోటాకు చూసి వేసిన యూరియా ఆకుని పచ్చగా ఉంచుతుంది, కోత వెనక్కి జరుపుతుంది, మెడవిరుపుకు దారి తీస్తుంది. గింజల్ని మాత్రం కొత్తగా పుట్టించదు.

ఇక ఎడమకాలువ గారి రెండు మడుల సంగతి. పిలక లోపల వెన్ను అంకురం ఏర్పడినప్పటి నుంచి ఈనడానికి సుమారు ముప్పై, ముప్పై అయిదు రోజులు. ఈనిక నుంచి కోతకు మరో ముప్పై. ఏ రకమైనా ఈ భాగం పెద్దగా మారదు. తక్కువ రోజుల రకానికీ ఎక్కువ రోజుల రకానికీ తేడా అంతా దానికి ముందే. అందుకే కోత నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

ఆర్ఎన్ఆర్ 125 రోజులు. జూన్ 20 నుంచి లెక్కేస్తే కోత అక్టోబరు 23 ప్రాంతం. అరవై, అరవై అయిదు రోజులు వెనక్కి వస్తే ఆగస్టు 19 నుంచి 24. అంటే ఇప్పుడే. బీపీటీ 150 రోజులు, కోత నవంబరు 17 ప్రాంతం. దాని అంకురం సెప్టెంబరు 13 నుంచి 18 మధ్య. ఒకే రోజు పోసిన నారే, ఒకేలా కనబడుతున్న పొలమే, కానీ ఆఖరి దఫాకు మూడు వారాలకు పైగా ఎడం.

బురదకాళ్లు
గీ లెక్కలన్నీ ఎందుకన్నా? మా నాయన పిలకను పట్టుకొని చూస్తడు. కాడ బల్లపరుపుగ ఉంటే ఇంకా పిలక దశ, గుండ్రం తిరిగితే చిరుపొట్ట. అయిపాయె. ఫోటోల గది కనబడదు, చేతికి తెలుస్తది.

దమ్ముచెక్క
మీ నాయన పద్ధతి ఫోటో కంటే నయం తమ్ముడూ, కాదనను. కానీ ఆ గుండ్రం అన్ని రకాల్లో ఒకేలా రాదు. తొందరగా కోతకొచ్చే రకాల్లో కణుపులు ఇంకా సాగకముందే, కాడ మెత్తగా ఉండగానే లోపల అంకురం మొదలవుతుంది. పక్కనుంచి కొత్త పిలకలు కూడా ఇంకా వస్తుంటాయి. అందుకే ఆర్ఎన్ఆర్ మడి ఫోటోలో అచ్చం పిలక దశలా ఉంది. గుండ్రం తిరిగేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

బీపీటీలో దీనికి తలకిందులు. పిలకలు పెట్టడం అయిపోయాక అంకురం వచ్చేదాకా మధ్యలో చాలా రోజులు పొలం ఊరికే నిలబడ్డట్టుంటుంది. పచ్చదనం కొంచెం తగ్గుతుంది, అడుగున చిన్న పిలకలు చస్తుంటాయి. ఆ లేతరంగు చూసి రైతు కంగారుపడి యూరియా చల్లుతాడు. అది పనికిరాని పిలకలకు పోతుంది, దుబ్బు కమ్ముకుంటుంది, గాలి ఆడదు. సుడిదోమ, అగ్గితెగులు రెండూ అక్కడికే వస్తాయి. బీపీటీకి అగ్గితెగులంటే అసలే ఓర్పు లేదు.

గోదారిగట్టు
అయితే రోజుల లెక్క వేసుకుంటే చాలంటారా సార్? దాళ్వాలో నేను ఎంటీయూ 1121 వేశా. 120, 125 రోజుల రకమని సంచి మీదుంది. నారు డిసెంబరు చలిలో పడింది, కదిలితే ఒట్టు. నాటాకా రెండు వారాలు అలాగే కూర్చుంది. మీ లెక్క ప్రకారం యూరియా వేసేశాను, ఆ తర్వాత చాలా రోజులకు గానీ పొట్ట రాలేదు. చివరికి సార్వా లెక్క దాళ్వాలో వేశానని మా ఇంటి పక్కాయన నన్ను చూసి నవ్వాడు.

దమ్ముచెక్క
చలికి ఆకు రావడమే ఆలస్యమవుతుంది, రోజుల లెక్క అక్కడ చెడుతుంది. ముదురు నారు నాటినా అంతే. వెదజల్లిన పొలం వారం, పది రోజులు ముందే కోతకొస్తుంది, అదొకటి. లెక్క ఎప్పుడు చూడాలో చెప్తుంది, వేయాలో వద్దో చెప్పదు. చెప్పేది చీల్చిన పిలక.

వరిపరకాయ
ఫోటోలో కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనబడుతున్నాయే. జింకు లోపం కాదా? ముందు జింకు సల్ఫేట్ కొట్టించండి.

ఎడమకాలువ
అది ఆకుల మీద పడ్డ బురదండీ, ముందురోజు వాన పడింది. దమ్ముచెక్క గారూ, ఆ చీల్చడం ఎలాగో చెప్తే నాన్నతో చేయించి ఫోటో పెట్టమంటాను. ఆయనకు కళ్లు కొంచెం మసక.

దమ్ముచెక్క
గట్టు పక్క మొక్కలు వదిలేయండి, వాటికి వెలుతురూ ఎరువూ ఎక్కువ. మడి లోపలికి నాలుగైదు అడుగులు వెళ్లి, అక్కడక్కడా ఐదారు కుదుళ్లలో ఒక్కో పెద్ద పిలకను, అన్నిటికంటే ముందు పుట్టినదాన్ని, వేరుతో సహా లాగాలి. చిన్న పిలకలు వెనకబడి ఉంటాయి, అవి చూసి మోసపోవద్దు. వేరు కోసేసి, షేవింగ్ బ్లేడుతో కింది నుంచి పైకి నిలువునా సగానికి చీల్చాలి. కణుపులు అడ్డగీతల్లా కనబడతాయి. అన్నిటికంటే పైనున్న కణుపు మీద చూడాలి.

అక్కడ తెల్లగా, మెత్తని నూగుతో ఒకటి రెండు మిల్లీమీటర్ల మొన కనబడితే అదే వెన్ను. అసలు అంకురం అంతకు వారం, పది రోజుల ముందే పడి ఉంటుంది, కంటికి ఆనేది ఇప్పుడు. ఇక ఆలోచించకుండా వేసేయొచ్చు. ఏమీ లేక పచ్చటి ఆకు చుట్టలే ఉంటే వారం ఆగి మళ్లీ చూడాలి. సెంటీమీటరు దాటి ఉంటే ఆలస్యమైనట్టే. యూరియా తగ్గించి, పొటాష్ మాత్రం వేయమని నేను చెప్తుంటాను.

చీల్చిన పిలకను నల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి, నీడలో దగ్గర్నుంచి తీయించండి. ఆ ఫోటో పంపితే ఎంత దూరం నుంచైనా నేను దశ చెప్తాను. నా అభ్యంతరం ఫోటో మీద కాదు, గట్టు మీద నుంచి తీసిన ఫోటో మీద.

పచ్చనోట్లు
సరే సార్, గింజల సంఖ్య విషయం ఒప్పుకుంటా. కానీ రంగు చూసి యూరియా అవసరమో కాదో చెప్పొచ్చుగా? ఆకు రంగు పట్టిక కూడా రంగే కదా.

దమ్ముచెక్క
పట్టికను పొలంలో ఆకు పక్కనే పెట్టి, మన నీడ పడేలా నిలబడి పోలుస్తాం, పూర్తిగా విచ్చుకున్న పై ఆకునే, పది మొక్కల్లో. ఫోను వెలుతురును బట్టి రంగు తనే సర్దేస్తుంది. అదే మడి పొద్దున తీస్తే ముదురు, మధ్యాహ్నం తీస్తే లేత. ఫోటోలో రంగు చూసి ఎరువు చెప్పడం నేను చేయను.

గోదారిగట్టు
మరి ఈనిన తర్వాత ఫోటో పనికొస్తుందన్నారు?

దమ్ముచెక్క
అప్పుడు పనికొస్తుంది, ఎందుకంటే చూడాల్సింది బయటే ఉంటుంది. ఈనికకు కాస్త ముందు కూడా అంతే, పోటాకు మెడ దాని కింది ఆకు మెడకు సరిసమానంగా వచ్చిన ఫోటో ఉంటే ఈనికకు దాదాపు పది, పన్నెండు రోజులని చెప్పొచ్చు. ఆ తర్వాత పొట్ట ఉబ్బి, కంకి తొంగిచూడబోయే ముందు కాటుక తెగులుకు ప్రొపికోనజోల్ లీటరుకు ఒక మిల్లీలీటరు కొట్టించుకోవచ్చు. కంకి మీద సుంకు వేలాడుతుంటే పూత, అది పై నుంచి కిందికి దిగుతుంది. ఆ రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏ మందూ కొట్టొద్దు, గింజ నోరు తెరిచి ఉంటుంది. సాయంత్రం కొట్టుకోండి. పాలు పోసుకుందా, గట్టిపడిందా అన్నది మాత్రం మళ్లీ ఫోటోకు అందదు. గింజ నొక్కి చూడాల్సిందే, అదీ కంకి అడుగున ఉన్న గింజ, పైది ముందే గట్టిపడుతుంది.

బురదకాళ్లు
పాలు పోసుకునేటప్పుడు 13-0-45 పొటాష్ ఎరువు కొడితే గింజ బరువొస్తదని మా దిక్కు అందరు కొడుతున్నరు. మీరేమంటరు సార్?

దమ్ముచెక్క
పొటాష్ ముందే సరిగ్గా వేసిన పొలంలో దాని వల్ల ఖర్చుకు తగ్గ ఫలం నేను చూడలేదు. తేలిక నేలల్లో వచ్చిందని చెప్పేవాళ్లున్నారు.

పచ్చనోట్లు
నేను చూశా. బరువొచ్చింది. దీని మీద వేరే చర్చ పెడదాం.

ఎడమకాలువ
నాన్న సాయంత్రం చీల్చి పంపాడు, ఫోటోలు పెట్టాను. ఆర్ఎన్ఆర్‌లో ఆరు పిలకలకు నాలుగింట్లో తెల్ల మొన ఉంది, రూపాయి బిళ్ల మందం కంటే కొంచెం తక్కువ. రెండింట్లో లేదు. బీపీటీలో ఒక్కదానిలోనూ ఏమీ లేదు. ఆర్ఎన్ఆర్‌కు రేపే వేయమన్నాను. ఇప్పుడు ఇంకో చిక్కు. ఆర్ఎన్ఆర్ మడి ఎత్తులో ఉంది, దాని నీళ్లే గండి గుండా బీపీటీలోకి దిగుతాయి. అక్కడ వేసిన యూరియా ఇక్కడికి రాదా?

బురదకాళ్లు
వస్తది. గండి కట్టియ్యి అన్నా. నీళ్లు పలచగ తీసి యూరియా చల్లి, రెండు రోజులైనంక మళ్ల పెట్టుకోమను. బీపీటీకి ఆ రెండు రోజులు బోరు నీళ్లు వేరే పైపుతోని పెట్టాలె.

ఎడమకాలువ
పైపు ఉంది, సరిపోతుందో లేదో నాన్నను అడుగుతా.